ట్రాప్ దాకా వచ్చి వెనక్కి తిరిగిన దోమలు: ఒక కేస్ స్టడీ

ట్రాప్ పనిచేయడం లేదని ఎవరైనా పిలిస్తే నేను ముందుగా అడిగేది, దోమలు అసలు రావడం లేదా, లేక వచ్చి పోతున్నాయా అని. చాలామంది దగ్గర దీనికి జవాబు ఉండదు. పొద్దున సంచి విప్పి చూస్తారు, నాలుగు దోమలు కనిపిస్తాయి, ఎర బాగాలేదని తేల్చేస్తారు. సంచిలో పడిన దోమల్ని లెక్కపెట్టగలం గానీ పడనివాటి గురించి సంచి ఏమీ చెప్పదు. ఈ కేసులో అసలు సంగతంతా పడని దోమల దగ్గరే ఉంది.

ఒక చిన్న బృందం సొంతంగా చేసుకున్న ట్రాప్ అది. పట్టాల్సింది ఈడిస్ ఈజిప్టై ఆడదోమల్ని, అంటే పగలు కుట్టే రకాన్ని. తెల్లటి గుడ్డతో చేసిన డ్రమ్ములాంటి డబ్బా, మోకాలెత్తు ఉంటుంది. పైన జల్లెడలాంటి వల మూత. మూత మధ్యలో 10 సెంటీమీటర్ల వెడల్పు నల్ల గొట్టం, దాని అడుగున ఫ్యాన్, ఫ్యాన్ కింద సంచి. ఫ్యాన్ గాలిని గొట్టంలోంచి కిందికి లాగుతుంది. ఆ గాలే డబ్బాలో తిరిగి వల మూతలోంచి పైకి పోతుంది. డబ్బాలో ఒంటి వాసన ఎర ఉంచితే, పైకి పోయే గాలి ఆ వాసనను మోసుకెళ్తుంది. మనిషి ఒంటి మీదుగా లేచే వెచ్చటి గాలికి ఇది నకలు. ఆలోచన మంచిదే. బజారులో దొరికే పేరున్న ట్రాప్‌లలో కొన్ని ఈ సూత్రం మీదే నడుస్తాయి.

వీళ్లు దానికి ఇంకో రెండు చేర్చారు. పంచదార, ఈస్ట్ కలిపిన సీసా నుంచి కార్బన్ డయాక్సైడ్, గొట్టం పై అంచున ఒక వేడిపట్టీ. కాగితం మీద అన్నీ ఉన్నాయి. గాలి, వాసన, వేడి, నలుపు. అయినా ట్రాప్ పక్కన కూర్చున్న మనిషిని దోమలు కుడుతుంటే సంచి మాత్రం ఖాళీగా ఉండేది.

ఏది ఎంత దూరం నుంచి

ఆడదోమ మనిషిని వెతికే పనిలో ఈ గుర్తులన్నీ ఒకేసారి పనిచేయవు. ఊపిరిలోంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్, దాంతో కలిసి వచ్చే వాసన గాలివాలున పది మీటర్ల నుంచి యాభై మీటర్ల దాకా దోమను కదిలించగలవు. ఆ వాయువును పసిగట్టే నరకణాలు దోమ యాంటెన్నాల మీద ఉండవు, మూతి పక్కన ఉండే పొట్టి పాల్ప్‌ల మీద ఉంటాయి. అది తగలగానే దోమ గాలికి ఎదురెక్కుతుంది, అంతకుముందు పట్టించుకోని ముదురు రంగు వస్తువుల వైపు తిరగడం మొదలుపెడుతుంది. ఈడిస్ ఈజిప్టై మీద 2015లో వచ్చిన ఒక పరిశోధన దీన్ని గాలి సొరంగంలో చక్కగా చూపించింది. నల్లటి వస్తువును దోమ ఐదు నుంచి పదిహేను మీటర్ల దూరంలో గుర్తుపడుతుందని అందులో అంచనా వేశారు. వేడి పాత్ర మొదలయ్యేది ఆఖరి మీటరు లోపల. గాలిలో లేచే వెచ్చదనమైతే జానెడు దూరంలోనే తెలుస్తుంది. చర్మం నుంచి వచ్చే పరారుణ వేడి ఇంకాస్త ఎడంగా, డెబ్బై సెంటీమీటర్ల దాకా పనికొస్తుందని 2024లో తేలింది. అది కూడా కార్బన్ డయాక్సైడ్, వాసన తోడుంటేనే.

ఇక ఫ్యాన్ సంగతి. గొట్టం మూతి దగ్గర గాలిమీటరు పెడితే సెకనుకు 2 మీటర్ల వేగం చూపింది. అది బాగానే ఉంది, దోమ ఆ వేగానికి ఎదురు ఎగరలేదు. కానీ పీల్చే గాలి, ఊదే గాలిలా దూరం పోదు. మూతి నుంచి 3 సెంటీమీటర్లు ఎడంగా జరిగితే వేగం సెకనుకు 0.9 మీటర్లకు పడిపోతుంది, 5 సెంటీమీటర్ల దగ్గర దాదాపు 0.5, 10 సెంటీమీటర్ల దగ్గర 0.15. అక్కడ దోమ హాయిగా తప్పుకుని పోతుంది. అంటే ఈ ట్రాప్ నిజంగా పట్టుకునేది మూతి చుట్టూ మూడు నాలుగు సెంటీమీటర్ల మేర మాత్రమే. యాభై మీటర్ల నుంచి రప్పించిన దోమను ఆ బెత్తెడు చోటికి చేర్చడమే డిజైన్ అంతా. ఫ్యాన్ పెద్దది వేస్తే సరిపోతుందని ఆ బృందంలో ఒకరు అన్నారు. వేగం రెట్టింపు చేసినా ఆ పరిధి పెరిగేది సెంటీమీటరు, రెండు సెంటీమీటర్లే, బ్యాటరీ మాత్రం త్వరగా అయిపోతుంది.

మొదటి తప్పు సీసాలో

సీసాలో రెండు లీటర్ల నీళ్లు, 250 గ్రాముల పంచదార, పదిహేడు గ్రాముల పొడి ఈస్ట్. 250 గ్రాముల పంచదార మొత్తం పులిసినా 25 డిగ్రీల దగ్గర వచ్చే వాయువు 70 లీటర్ల చిల్లర. పన్నెండు గంటలకు సమంగా పంచితే నిమిషానికి 100 మిల్లీలీటర్లు. ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి 200 నుంచి 250 మిల్లీలీటర్లు వదులుతాడు. అంటే ఈ సీసా ఎంత బాగా పనిచేసినా అరమనిషి లెక్క.

పైగా ఈస్ట్ సమంగా పంచదు. సాయంత్రం పని ముగించి వెళ్లేటప్పుడు కలిపి పెట్టడం వీళ్ల అలవాటు. ఈడిస్ కుట్టడానికి తిరిగేది మర్నాడు ఉదయం, మళ్లీ సాయంత్రం చీకటి పడే ముందు. నీళ్లలో బోర్లించిన కొలజాడీలోకి ట్యూబు పెట్టి 100 మిల్లీలీటర్లు నిండడానికి ఎంతసేపు పడుతుందో గడియారం చూసి కొలిచాను. కలిపిన రెండు గంటలకు 50 సెకన్లు పట్టింది. పద్నాలుగు గంటల తర్వాత, అంటే దోమలు లేచే వేళకు, నాలుగు నిమిషాలు దాటింది. సీసాలో బుడగలు వస్తూనే ఉన్నాయి, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. బుడగలు కనిపించడం వేరు, సరిపడా రావడం వేరు. మూత దగ్గర సబ్బునీళ్లు రాస్తే అక్కడ కూడా నురగ లేచింది, వచ్చే కాస్త వాయువులో కొంత అక్కడే పోతోంది.

పరీక్ష జరిగినన్ని రోజులు ఈస్ట్‌ను పక్కన పెట్టి సిలిండర్ వాడాం. రెగ్యులేటర్, దాని తర్వాత టైమర్‌తో తెరుచుకునే వాల్వు, నిమిషానికి 300 మిల్లీలీటర్లు. ఉదయం రెండు గంటలు, సాయంత్రం రెండున్నర గంటలు మాత్రమే వదిలితే రోజుకు 81 లీటర్లు. ఒక కిలో వాయువు సుమారు 550 లీటర్లు కాబట్టి 5 కిలోల సిలిండర్ నెల పైగా వస్తుంది. సిలిండర్ మోయలేని చోట ఈస్టే గతి. అప్పుడు దోమలు తిరిగే వేళకు రెండు గంటల ముందు తాజాగా కలపాలి, సాయంత్రానికి ఇంకో సీసా ఉండాలి. పొడి మంచు, అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్ మీద కూడా ఒక మాట. కిలో మంచు పన్నెండు గంటల్లో ఆవిరైతే సగటున నిమిషానికి 750 మిల్లీలీటర్ల పైమాటే. కానీ డబ్బా ఎంత దట్టంగా చుట్టామన్నదాన్ని బట్టి అది మొదట్లోనే పోవచ్చు, చివరిదాకా రావచ్చు. రెండు ట్రాప్‌లను పోల్చేటప్పుడు ఆ తేడా ఫలితాల్ని పాడుచేస్తుంది.

రెండో తప్పు ట్యూబు చివర

వాయువు సరిపడా వచ్చాక దోమలు ఎక్కువ రావడం మొదలైంది. సంచిలోకి మాత్రం పెద్దగా రాలేదు. ఇక్కడే దగ్గరుండి చూడాల్సి వచ్చింది. కానీ చూసే మనిషే ఊపిరి, చెమట, వేడి ఉన్న ఇంకో ట్రాప్. గాలివాలున కూర్చుంటే దోమలు ముందు మన దగ్గరికే వస్తాయి. ట్రాప్‌కు గాలి వచ్చే వైపు కూర్చుంటే మన వాసన ట్రాప్ మీదుగా పోయి లెక్క తప్పుతుంది. అందుకే ఫోన్‌ను స్టాండుకు బిగించి, స్లో మోషన్‌లో సెకనుకు 240 ఫ్రేములు పెట్టి, గాలికి అడ్డంగా పక్కకు దూరం జరిగాం. ట్రాప్ వెనక లేత రంగు అట్ట నిలబెడితే దోమ స్పష్టంగా కనిపిస్తుంది.

వీడియోలో చూస్తే దోమలు వల మూత మీదికి, గుడ్డ పక్కగోడ మీదికి వస్తున్నాయి. కాసేపు అటూ ఇటూ ఊగి, గుడ్డ మీద వాలి, లేచిపోతున్నాయి. నల్ల గొట్టం వైపు ఖచ్చితంగా పోతున్నవి తక్కువ. "సార్, వీటికి డబ్బానే నచ్చింది, గొట్టం నచ్చలేదు" అన్నాడు కెమెరా చూస్తున్న కుర్రాడు. అతను అన్నది దాదాపు నిజమే.

ట్యూబు చివరను వీళ్లు డబ్బా లోపల, ఒంటి వాసన ఎర పక్కనే పెట్టారు. రెండూ ఒకేచోటి నుంచి రావాలి కదా అని వాళ్ల ఉద్దేశం. లెక్క వేసి చూద్దాం. 10 సెంటీమీటర్ల గొట్టంలో సెకనుకు 2 మీటర్ల వేగమంటే నిమిషానికి సుమారు 940 లీటర్ల గాలి. ఆ గాలిలో 300 మిల్లీలీటర్ల కార్బన్ డయాక్సైడ్ కలిస్తే పదిలక్షల భాగాల్లో 320 భాగాలు పెరుగుతుంది. బయటి గాలిలో ముందే 420 దాకా ఉంటుంది. అంటే వల మూతలోంచి వచ్చేది 740 భాగాల పల్చటి గాలి, మూత అంతటా ఒకేలా. మనిషి ఊపిరిలో అదే వాయువు 40 వేల భాగాలు ఉంటుంది, అది కూడా విడివిడిగా, గాలిలో తీగలు తీగలుగా సాగుతూ వస్తుంది. పాత ఈస్ట్ సీసాతో అయితే పెరుగుదల 30 భాగాలు కూడా లేదు. పక్కన నిలబడ్డ మనిషి ఊపిరి ముందు అది ఉన్నట్టా లేనట్టా?

తీగలుగా రావడం ముఖ్యమని నా నమ్మకం మాత్రమే కాదు. 1999లో ఈడిస్ ఈజిప్టై మీదే జరిగిన గాలి సొరంగ ప్రయోగాల్లో కార్బన్ డయాక్సైడ్ తెగుతూ, సుళ్లు తిరుగుతూ వచ్చినప్పుడు దోమలు గాలికి ఎదురు బాగా ఎగిరాయి, ఒకే మందంగా పరుచుకుని వచ్చినప్పుడు తగ్గాయి. చర్మం వాసన దగ్గర దీనికి ఉల్టా. అది సమంగా పరుచుకుని వస్తేనే దోమలు ఎక్కువ వచ్చాయి. ఊపిరి ఒక బిందువు నుంచి వస్తుంది, చెమట వాసన ఒళ్లంతా వ్యాపించి ఉంటుంది. దోమ ఆ తేడాను వాడుకుంటున్నట్టుంది. ఇది తెలిశాక డిజైన్ చేయాల్సిన తీరు తేలికైపోతుంది. ఒంటి వాసన ఎర డబ్బా లోపలే ఉండాలి, వల మూతంతా దాన్ని సమంగా వదలాలి. కార్బన్ డయాక్సైడ్‌కు మాత్రం ఆ దారి వద్దు, అది బయట సన్నటి మొన నుంచి నేరుగా గాలిలోకి పోవాలి.

బయట ఎక్కడ పెట్టాలన్నదే తర్వాతి తంటా. మొదట డబ్బా అడుగున పక్కకు పెట్టాం. దోమలు అక్కడే ముసిరాయి, మూతి వైపు ఎక్కలేదు. తర్వాత గొట్టం అంచుకు ఆనించి పెట్టాం. పొగ పుల్ల వెలిగించి ట్యూబు మొన దగ్గర పట్టుకుంటే పొగంతా వంగి గొట్టంలోకే పోయింది. అంటే వాయువు మళ్లీ ఫ్యాన్ గుండా తిరిగి పల్చబడుతోంది. అంచు నుంచి 3, 5, 8 సెంటీమీటర్లు జరుపుతూ పొగ పెట్టి చూస్తే, 10 నుంచి 12 సెంటీమీటర్ల మధ్య పొగ గొట్టంలోకి పోకుండా మూతి మీదుగా గాలివాలున సాగింది. అక్కడే బిగించాం. మెల్లగా గాలి వీచే చోట ఇది సరిపోతుంది. గాలి పూర్తిగా ఆగిపోయిన వేళ పొగ కొంత లోపలికే పోయేది, దానికి మా దగ్గర మంచి ఉపాయం లేదు. కార్బన్ డయాక్సైడ్ బరువు కాబట్టి కిందికి జారిపోతుందని, ట్యూబు ఎత్తులో పెట్టమని కొందరు చెబుతారు. గాలిలో కలిసి పల్చబడ్డాక ఆ బరువుకు లెక్కలేదు. పొడి మంచు నుంచి చల్లగా దట్టంగా జారే వాయువు విషయంలో ఆ మాట కొంత నిజం.

దాంతో పాటు గొట్టం అంచు చుట్టూ అరచేయంత వెడల్పు నల్లటి రింగు వేశాం. వాయువు తగిలిన దోమ ముదురు రంగు వైపు తిరుగుతుంది కాబట్టి, తెల్లటి డబ్బా మీద నల్లటి గురి మూతి దగ్గరే ఉండాలి. మునుపు నల్లటి తాళ్లు, నల్లటి బ్యాటరీ పెట్టె డబ్బా పక్కనే ఉండేవి. వాటిని తెల్లగుడ్డతో కప్పాం.

ఒంటి వాసన ఎర గురించి క్లుప్తంగా. లాక్టిక్ యాసిడ్ ఈడిస్‌ను ఆకర్షిస్తుందని 1968 నుంచి తెలుసు. విడిగా దాని బలం తక్కువ, కార్బన్ డయాక్సైడ్‌తో కలిస్తేనే పనిచేస్తుంది. తయారు ఎరల్లో దానితో పాటు అమ్మోనియా, హెక్సనోయిక్ యాసిడ్ లాంటివి కలుపుతారు. వీళ్లు ఎర బదులు రోజంతా తొడిగిన నైలాన్ మేజోళ్లు వాడుతున్నారు. పర్వాలేదు, కాకపోతే ఒకరోజు ఒకరివి, ఇంకోరోజు ఇంకొకరివి. ఒక్కో మనిషి చర్మం మీద ఉండే కొవ్వు ఆమ్లాల పాళ్లను బట్టి దోమల ఇష్టం చాలా మారుతుంది, ఆ తేడా ఏళ్ల తరబడి నిలుస్తుంది కూడా. ట్రాప్‌లను పోల్చాలంటే ఒకే మనిషి మేజోళ్లను కత్తిరించి అన్నిటికీ సమంగా పంచాలి. అలాగే చేశాం.

మూడో తప్పు వేడిపట్టీ

ఇప్పుడు దోమలు మూతి దగ్గరికి నేరుగా రావడం వీడియోలో కనిపించింది. కానీ చాలావరకు బెత్తెడు దూరంలో చటుక్కున పక్కకు తిరిగిపోతున్నాయి. ముందు ఫ్యాన్ శబ్దమేమో, గాలి సుడి ఏమో అనుకున్నాం. వేడిపట్టీ తీగ ఊడదీసి మళ్లీ చూస్తే ఆ తిరగడం చాలా తగ్గింది.

పట్టీని 36 డిగ్రీల దగ్గర పెట్టామని వాళ్లు చెప్పారు, చేతి పరారుణ థర్మామీటర్‌లో అదే చూపిస్తోంది. నేను తాకి వేడి కొలిచే సన్నటి థర్మోకపుల్ తీగ అంటించి చూస్తే 57 డిగ్రీలు! పట్టీ మీద మెరిసే అల్యూమినియం రేకు ఉంది. మెరిసే లోహం పరారుణ వేడిని చాలా తక్కువ వదులుతుంది, చుట్టుపక్కల వేడిని అద్దంలా తిప్పి పంపుతుంది. అందుకే ఆ థర్మామీటర్ దాని మీద తక్కువ చూపిస్తుంది. వాళ్లు థర్మామీటర్‌లో 36 కనిపించేదాకా కరెంటు పెంచుకుంటూ పోయారు. ఈడిస్ ఈజిప్టై వేడిని వెతుక్కుంటూ వస్తుంది గానీ 50 డిగ్రీలు దాటితే తప్పుకుంటుంది. ఎర కాస్తా తరిమే సాధనమైంది. ఒక ఆనవాలు ముందునుంచీ ఉంది, మేం చూడలేదు. సంచిలో పడ్డ కొద్ది దోమలూ వరుగుల్లా ఎండిపోయి ఉండేవి, రకం గుర్తుపట్టడానికి వీపు మీది తెల్లచారలు కూడా సరిగా కనిపించేవి కావు. పట్టీ మీదుగా లాగిన వేడిగాలి రోజంతా సంచిలోకే పోతోంది.

అదే పట్టీతో ఇంకో ఇబ్బంది. మూతి లోపలి అంచున పెట్టిన వేడిని ఫ్యాన్ కిందికి లాగేస్తుంది. పైకి లేచి దోమకు తగలాల్సిన వెచ్చదనం బయటికే రాదు. మెరిసే రేకు వల్ల పరారుణ వేడి కూడా రాదు. రెండు దారులూ మూసి వేడి పెట్టినట్టు. సరిచేయడానికి రేకు తీసి, మెరుపు లేని నలుపు పూసిన పలకను గొట్టం బయట, నల్ల రింగు కిందుగా పెట్టి, థర్మోకపుల్ ఆధారంగా 35 డిగ్రీల దగ్గర నిలిపాం.

తొమ్మిది రోజుల పోలిక

మూడు ట్రాప్‌లు, మూడు చోట్లు. మొదటిది వాళ్ల పాత అమరిక. రెండోది వాయువు, ట్యూబు, నల్ల రింగు సరిచేసినది, వేడి లేకుండా. మూడోది అదే, 35 డిగ్రీల పలకతో. రోజూ ట్రాప్‌ల చోటు మార్చాం, మూడు రోజులకు ప్రతి ట్రాప్ ప్రతి చోటా ఒకసారి ఉంటుంది. అలా మూడు విడతలు. ఒకదాని వాసన ఇంకోదానికి సోకకుండా మధ్యలో యాభై మీటర్ల పైన ఎడం ఉంచాం. ఈ తిప్పడం బద్ధకంతో మానేస్తే ఏమవుతుందో ఇక్కడే కనిపించింది. మూడు చోట్లలో ఒకటి పొదల నీడలో ఉంది, ఏ ట్రాప్ పెట్టినా అక్కడ ఎక్కువ పడేవి. ఒకరోజు నీడలో ఉన్న పాత ట్రాప్, ఎండలో ఉన్న కొత్తదాన్ని మించింది. ఆ ఒక్కరోజే చూసి ఉంటే మా పనంతా వృథా అని తేల్చేవాళ్లం.

ప్రతి విడత మొత్తాన్ని చూస్తే రెండో ట్రాప్ పాతదాని కంటే ఎక్కువ పట్టింది, తేడా కంటికి కనిపించేంత ఉంది. రెండోదానికీ మూడోదానికీ మధ్య మాత్రం తేల్చి చెప్పే తేడా రాలేదు. చల్లగా ఉన్న ఉదయాల్లో వేడి ఉన్నది కాస్త ముందుంది, ఎండ వేడిమి మిగిలిన సాయంత్రాల్లో అదీ లేదు. చుట్టూ గాలే 34 డిగ్రీలు ఉన్నప్పుడు 35 డిగ్రీల పలక దోమకు వేరుగా తెలియదు. దీనికి బ్యాటరీ లెక్క కూడా కలిపాం. 12 వోల్టుల 7 ఆంపియర్-అవర్ బ్యాటరీలో ఉండేది 84 వాట్-గంటలు. ఫ్యాన్ ఒక్కటే 3.6 వాట్లు తీసుకుంటుంది కాబట్టి 23 గంటలు నడుస్తుంది. పలకకు 10 వాట్లు కలిస్తే ఆరు గంటలే. నేను పలక తీసేయమన్నాను. వాళ్లకు అది నచ్చలేదు, దాని మీద చాలా కష్టపడ్డారు మరి. చల్లటి వాతావరణంలో, గోడకు ప్లగ్గు ఉన్న చోట, ఇంట్లో వాడే ట్రాప్‌కైతే నా సలహా వేరుగా ఉండేది.

రాత్రి కుట్టే అనాఫిలిస్, క్యూలెక్స్‌లకు ఈ అమరికను ఉన్నదున్నట్టు వాడకూడదు. చీకట్లో నల్ల రింగును అంతగా నమ్ముకోలేం, వాయువు వదిలే వేళలు మారాలి, వాసన ఎర కూడా వేరు. ఈ ట్రాప్ ఎక్కువగా పట్టేది రక్తం కోసం వెతికే ఆడదోమల్ని, వాటితో జత కట్టడానికి మనిషి చుట్టూ తిరిగే కొన్ని మగ ఈడిస్‌లను. రక్తం తాగి మూల కూర్చున్నదీ, గుడ్లు పెట్టడానికి నీళ్లు వెతుక్కునేదీ దీని దగ్గరికి అంతగా రావు, వాటికి వేరే ట్రాప్‌లు ఉన్నాయి. వీడియోల్లో చివరిదాకా తేలనిది ఇంకొకటి ఉంది. సరిచేసిన ట్రాప్ దగ్గరికి కూడా వచ్చిన దోమలన్నీ పడలేదు, కొన్ని మూతి దాటి పోయాయి. అవి ఆకలితో, అప్పటికే రెచ్చి, దగ్గర్లోనే తిరుగుతుంటాయి. అందుకే మనుషులు కూర్చునే చోటికి ఆనించి దాన్ని పెట్టొద్దని, కనీసం పది మీటర్లు ఎడంగా, నీడలో, మనుషులకు గాలివాలున ఉంచమని చెప్పి వచ్చాను.